తేడా అంతా కింద అంకె దగ్గరే

ప్రశ్న: మాస్టారూ నమస్తే. మా పాప ఎనిమిదో తరగతి, ఇంగ్లీష్ మీడియం. బార్ చార్ట్, పై చార్ట్ వర్క్‌షీట్ ఇచ్చారు, ఫొటో పెట్టాను చూడండి. కూడికలు భాగహారాలు బానే చేస్తుంది కానీ ఆన్సర్లు తప్పుతున్నాయి. జూన్‌లో 40 పుస్తకాలు, జూలైలో 50 అయితే 20 శాతం పెరిగింది అని రాసింది, కీలో 25 అని ఉంది. ఆరు నెలల సగటు 48 అని రాసింది, కీలో 40. ఎ సెక్షన్ మార్కుల సగటు 70, బి సెక్షన్ సగటు 60 అయితే రెండూ కలిపి 65 అంది, కీలో 64. నిజం చెప్పాలంటే ఆ చివరిది నాక్కూడా 65 అనే అనిపిస్తోంది. పాపకి ఎలా చెప్పాలి?

జవాబు: అమ్మా, ఫొటో పెద్దది చేసుకుని రెండు మూడు సార్లు చూశాను. మూడు తప్పులూ మూడు రకాలుగా కనిపిస్తున్నాయి గానీ నాకైతే ఒకటే తప్పు మూడు చోట్ల జరిగింది అనిపిస్తోంది. పాప భాగహారం వేసిన చోట మొదటి రెండిట్లో పైన రాసిన అంకె కరెక్టే, మూడిట్లోనూ కింద రాసిన అంకె మారిపోయింది. 10 బై 40 రాయాల్సిన చోట 10 బై 50 రాసింది, 240ని 6తో భాగించాల్సిన చోట 5తో భాగించింది, వంద మంది పిల్లల మొత్తం మార్కుల్ని 100తో భాగించాల్సిన చోట రెండు సగటులూ కూడి 2తో భాగించింది. చార్ట్ చదవడం రాదనో లెక్కలు రావనో అనుకోకండి, కింద ఏం రావాలి అన్నది ఒక్కటే కుదరాలి.

ముందు ఆ శాతం సంగతి చూద్దాం. మనిళ్ళల్లో "నూటికి రెండు రూపాయల వడ్డీ" అంటాం కదా, శాతం అంటే అదే మాట, నూటికి ఎంత అని. మామూలు వడ్డీ లెక్క ఎవరు కట్టినా దేని మీద కడతారు? అసలు మీద. అసలూ వడ్డీ కలిపిన మొత్తం మీద ఈ నెల వడ్డీ ఎంత శాతం అని ఎవరూ అడగరు. ఇప్పుడు పాప చార్ట్‌లోకి రండి, జూన్‌లో 40 పుస్తకాలు, అది అసలు, జూలైకి దాని మీద 10 పెరిగాయి, ఆ 10 వడ్డీ లాంటిది. అసలు 40 కాబట్టి 10/40 × 100 = 25. పాప చేసిందేంటంటే అసలూ వడ్డీ కలిపితే వచ్చిన 50ని కింద పెట్టింది, అందుకే 20 వచ్చింది. ఒకసారి వెనక్కి తిప్పి సరిచూసుకోమనండి, 40కి 20 శాతం కలిపితే 48 అవుతుంది గానీ 50 అవ్వదు, 25 శాతం అంటే పావు వంతు, 40లో పావు 10, కలిపితే 50 సరిపోయింది. ఈ వెనక్కి తిప్పడానికి అర నిమిషం కూడా పట్టదు, పరీక్షలో కీ ఉండదు కాబట్టి ఇదే కీ అనుకోవాలి.

అయితే 20 అనేది ఊరికే పుట్టిన అంకె కాదు, అది వేరే ప్రశ్నకి కరెక్ట్ ఆన్సర్. "జూలై కంటే జూన్‌లో ఎంత శాతం తక్కువ" అని అడిగుంటే అప్పుడు అసలు 50 అయ్యేది, 10/50 అంటే 20 శాతమే. అవే రెండు బార్లు, మధ్యలో అదే 10 తేడా, ఇటు నుంచి చూస్తే 25, అటు నుంచి చూస్తే 20. పాపకి ఈ రెండు ప్రశ్నలూ పక్కపక్కన రాసిచ్చి చేయించండి. నేను ట్యూషన్‌లో ఇది చేయించినప్పుడు పిల్లలు కాసేపు ఒప్పుకోరు, పెరిగింది పదే తగ్గింది పదే అయితే శాతం వేరే ఎలా వస్తుంది అని వాదిస్తారు, ఆ వాదన జరగాలి, జరిగాక ఇక మర్చిపోరు.

మరి అసలు ఏదో ఎలా తెలుస్తుంది అంటే చార్ట్ చూస్తే తెలీదు, ప్రశ్న చూస్తేనే తెలుస్తుంది. మన తెలుగులో దీనికి మంచి గుర్తు ఉంది, "కంటే" అన్న మాట ఏ నెలకి అంటుకుంటే ఆ నెల అంకె కిందకి వెళ్తుంది. జూన్ కంటే అంటే జూన్ కింద, జూలై కంటే అంటే జూలై కింద. "మొత్తంలో ఎంత శాతం", "40లో 10 ఎంత శాతం" అన్నప్పుడు "లో" అంటుకున్న అంకె కింద. పెరిగింది తగ్గింది అంటే "నుంచి" ముందున్నది కింద. పాపది ఇంగ్లీష్ మీడియం కాబట్టి అక్కడ దాన్, ఆఫ్, ఫ్రమ్ అని ఉంటాయి, మీరు ప్రశ్నని ముందు తెలుగులో పైకి చెప్పమనండి, చెప్పాక ఆ మాట కింద గీత గీయమనండి. ఒక్క జాగ్రత్త ఉంది, "జూన్ కంటే జూలైలో ఎంత శాతం ఎక్కువ" అన్న వాక్యంలో కంటే కూడా ఉంది లో కూడా ఉంది, ఆ జూలైలో అన్న "లో" ఎప్పుడు అని చెప్తోంది అంతే, అది దేనిలో భాగం అని చెప్పే లో కాదు. కంటే కనిపిస్తే కంటేకే విలువ ఇవ్వాలి.

ఇక సగటు. ఫొటోలో ఆగస్టు బార్ పక్కన పెన్సిల్‌తో 61 అని రాసి చెరిపేసి 65 రాసిన గుర్తు కనిపించింది నాకు, చాలా సంతోషమేసింది, ఎందుకంటే ఇక్కడే సగం మంది పిల్లలు పడిపోతారు. పక్కన నిలువు గీత మీద 0, 20, 40, 60, 80 అని ఉంది, రెండు అంకెల మధ్య నాలుగు చిన్న గళ్ళున్నాయి, అంటే గడికి 5. గళ్ళు లెక్కపెట్టేముందు గడి విలువ చూసుకోకపోతే 60 మీద ఒక గడి అంటే 61 అనేస్తారు. పాప మొదట అలాగే రాసి తనే దిద్దుకుంది. తప్పుని తనే పట్టుకుంది కాబట్టి ఇది ఒకసారి ఎలా తెలిసిందని అడగండి, తను చెప్పే మాటే తనకి బాగా గుర్తుంటుంది. బార్ పై అంచు ఏ గీతకి తగిలిందో కంటితో చూస్తే పక్క గీతకి జారిపోతుంది, స్కేల్ అడ్డంగా పెట్టి బార్ పై అంచు నుంచి నిలువు గీత దాకా చూడమనండి.

అంకెలన్నీ కరెక్ట్‌గానే చదివింది, జూన్ 40, జూలై 50, ఆగస్టు 65, సెప్టెంబర్ 45, నవంబర్ 40, కూడితే 240. మధ్యలో అక్టోబర్ దగ్గర పేరుంది గానీ బార్ లేదు. బార్ కనిపించలేదు కాబట్టి ఐదు బార్లు అనుకుని 240ని 5తో భాగించింది, 48 వచ్చింది. కానీ బార్ లేకపోవడం అంటే అంకె లేకపోవడం కాదు, ఆ నెల అంకె సున్నా అని. కూడేటప్పుడు సున్నా వల్ల తేడా ఏమీ రాదు కాబట్టి దాన్ని వదిలేసినా 240 మారదు, ఆ అలవాటుతోనే భాగించేటప్పుడు కూడా వదిలేస్తారు, అక్కడ మాత్రం తేడా వస్తుంది. ప్రశ్నలో ఆరు నెలల సగటు అని ఉంది, కాబట్టి 240/6 = 40.

అదే ప్రశ్న "పుస్తకాలు ఇచ్చిన నెలల్లో సగటు ఎంత" అని ఉంటే 48 కరెక్ట్ అయ్యేది. చూశారా ఇక్కడ కూడా అంతే, పాప ఆన్సర్ వేరే ప్రశ్నకి సరిపోతుంది. ఒక్కోసారి బార్ లేకపోవడం అంటే ఆ నెల లెక్క ఎవరూ రాయలేదు అని కూడా అవ్వొచ్చు, అప్పుడు దాన్ని సున్నా అనుకోకూడదు, కానీ అలాంటప్పుడు చార్ట్ కింద సమాచారం లేదు అని చిన్న నోట్ ఉంటుంది. మీ ఫొటోలో అలాంటి నోట్ ఏమీ లేదు, అడ్డ గీత మీద నెల పేరు మాత్రం ఉంది, కాబట్టి సున్నానే.

సగటు వచ్చాక దాన్ని చార్ట్ మీదే సరిచూసే పద్ధతి ఒకటి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. 40 దగ్గర స్కేల్ అడ్డంగా పెట్టండి, స్కేల్ పైకి పొడుచుకొచ్చిన ముక్కలు ఎన్నో చూడండి, జూలై 10, ఆగస్టు 25, సెప్టెంబర్ 5, మొత్తం 40. ఇప్పుడు స్కేల్ కింద ఖాళీ ఎంత ఉందో చూడండి, జూన్ నవంబర్ సరిగ్గా స్కేల్‌కి తగిలాయి, అక్టోబర్ దగ్గర 40 గుంట. పైన ఉన్న మట్టి తీసి గుంటలో పోస్తే నేల చదునైపోయింది, సగటు అంటే ఆ చదును ఎత్తే. 48 దగ్గర స్కేల్ పెట్టి ఇదే చేస్తే పైన ఉన్నది 2, 17 కలిపి 19 మాత్రమే, కింద గుంటలు జూన్‌కి 8, సెప్టెంబర్‌కి 3, నవంబర్‌కి 8, ఇక్కడికే 19 అయిపోయింది, అక్టోబర్‌లో 48 లోతు గుంట అలాగే నోరు తెరుచుకుని ఉంటుంది. పాప చేత ఇది చేయిస్తే ఐదుతో ఎందుకు భాగించకూడదో మీరు మాటల్లో చెప్పే పనే ఉండదు.

ఇప్పుడు మీకు కూడా 65 అనిపించిన దానికి వద్దాం. మీరు కిరాణా కొట్టులో బియ్యం కొన్నారనుకోండి, కిలో 70 రూపాయల బియ్యం 40 కిలోలు, కిలో 60 రూపాయల బియ్యం 60 కిలోలు, రెండూ ఒకే డ్రమ్ములో పోసి కలిపేశారు. ఇప్పుడు డ్రమ్ములో బియ్యం కిలో ఎంత పడింది? మొదటి దానికి 2800, రెండో దానికి 3600, మొత్తం 6400 రూపాయలు ఇచ్చారు, డ్రమ్ములో వంద కిలోలు ఉన్నాయి, కిలోకి 64. ఎవరైనా 65 అంటే వంద కిలోలకి 6500 అవుతుంది కదా నేను ఇచ్చింది 6400 కదా అని మీరే అంటారు. పాప లెక్క అచ్చంగా ఇదే, ఎ సెక్షన్‌లో 40 మంది, బి సెక్షన్‌లో 60 మంది అని పై చార్ట్‌ల కింద చిన్న అక్షరాల్లో రాసుంది. ఎ పిల్లలందరి మార్కులు కలిపితే 40 × 70 = 2800, బి వాళ్ళవి 60 × 60 = 3600, మొత్తం 6400 మార్కులు వంద మందికి, సగటు 64. కింద రావాల్సింది సెక్షన్ల సంఖ్య కాదు, పిల్లల సంఖ్య, ఎందుకంటే మార్కులు తెచ్చుకున్నది పిల్లలు.

65 మనందరికీ ఎందుకు కరెక్ట్ అనిపిస్తుందంటే రెండు సెక్షన్లలోనూ పిల్లలు సమానంగా ఉంటే నిజంగానే 65 వస్తుంది. చిన్న తరగతుల్లో లెక్కలు అలా సమానంగానే ఇస్తారు కాబట్టి రెండూ కూడి సగం చేసినా ఎప్పుడూ తప్పు పడదు, ఎనిమిదికి వచ్చేసరికి సమానంగా ఉండవు, అక్కడ దొరికిపోతాం. సరిచూసుకోడానికి కూడా సులువే, కలిపిన సగటు ఎప్పుడూ పిల్లలు ఎక్కువున్న సెక్షన్ వైపుకి ఒరుగుతుంది. బి పెద్ద సెక్షన్, దాని సగటు 60, కాబట్టి ఆన్సర్ 65కి కిందే ఉండాలి, లెక్క చేయకముందే ఈ మాట చెప్పగలగాలి.

మీరు లెటర్‌లో రాయలేదు గానీ ఫొటోలో నాలుగో ఇంటూ కూడా ఒకటి కనిపించింది, పై చార్ట్ దగ్గర. ఏ సెక్షన్ నుంచి ఎక్కువ మంది బస్సులో వస్తారు అంటే పాప ఎ అని రాసింది. ఎ సెక్షన్ వృత్తంలో బస్సు ముక్క 126 డిగ్రీలు, బి సెక్షన్‌లో 90 డిగ్రీలు, కంటికి ఎ ముక్కే పెద్దది, పాప ఏం చూసిందో అదే రాసింది. కానీ రెండు వృత్తాలూ ఒకే సైజులో గీసినా ఒకదాని వెనక 40 మంది, ఇంకోదాని వెనక 60 మంది ఉన్నారు. ఎ సెక్షన్‌లో 360 డిగ్రీలు 40 మందికి పంచితే ఒక్కో పిల్లకి 9 డిగ్రీలు, 126ని 9తో భాగిస్తే 14 మంది. బి సెక్షన్‌లో ఒక్కో పిల్లకి 6 డిగ్రీలే, 90ని 6తో భాగిస్తే 15 మంది. చిన్న ముక్కలోనే ఒకరు ఎక్కువున్నారు. పై చార్ట్ లెక్కల్లో ముందు ఈ "ఒక్కొక్కరికి ఎన్ని డిగ్రీలు" అన్నది రాసుకుంటే మిగతాదంతా ఎక్కాల లెక్కే.

శాతం కావాలంటే ఒక శాతం అంటే 3.6 డిగ్రీలు, ఎందుకంటే 360ని నూరు భాగాలు చేశాం. 126ని 3.6తో భాగిస్తే 35 శాతం, 90 డిగ్రీలు 25 శాతం. డిగ్రీల్నే శాతం అనుకుని 72 డిగ్రీలుంటే 72 శాతం అని రాసేసే పిల్లలున్నారు, దానికి ఒకటే చెప్పండి, వృత్తంలో పావు ముక్క 90 డిగ్రీలు, అది 25 శాతం, కాబట్టి పావు కంటే సన్నగా కనిపించే ఏ ముక్కకైనా 25 లోపే రావాలి. దానిలో సగం అరపావు, 45 డిగ్రీలు, పన్నెండున్నర శాతం. పావు, అర, ముప్పావు మనకి పుట్టుకతో వచ్చిన మాటలు, ఆ మూడిటితో ఏ ముక్కనైనా ముందు అంచనా కట్టొచ్చు. ఆటో ముక్కకి కోణం ఇవ్వలేదు కదా ఎ సెక్షన్‌లో, దాన్ని కోణమానినితో కొలవనివ్వకండి, జిరాక్స్ తీసినప్పుడు కాగితం చదునుగా లేక బొమ్మ కొంచెం సాగిపోయినా కోణం మారిపోతుంది. బస్సు 126, సైకిల్ 90, నడక 72 కూడి 360లోంచి తీసేస్తే 72, అంటే 8 మంది.

ఇక్కడ ఇంకో చిన్న మెలిక. ఎ లో బస్సు వాళ్ళు 35 శాతం, బి లో 25 శాతం, రెండు సెక్షన్లూ కలిపితే ఎంత శాతం అంటే చాలామంది 30 అంటారు. 14, 15 కలిపితే 29 మంది, మొత్తం వంద మంది, 29 శాతం. ఇది ఆ బియ్యం డ్రమ్ము లెక్కే ఇంకో వేషంలో, శాతాల్ని కూడా మనుషుల్ని చూడకుండా సగం చేయకూడదు.

పాప ఇంట్లో సొంతంగా పై చార్ట్ గీస్తానంటే గీయనివ్వండి, కానీ ఏది గీయొచ్చో చూసుకోవాలి. ఈ రెండు రకాల బొమ్మలూ విలియం ప్లేఫెయిర్ అనే స్కాట్లాండ్ ఆయన వేసినవి, బార్ చార్ట్ 1786లో, పై చార్ట్ 1801లో. ఆయన వేసిన పై చార్ట్‌లో అప్పటి టర్కీ సామ్రాజ్యం భూమి ఆసియాలో ఎంత, యూరప్‌లో ఎంత, ఆఫ్రికాలో ఎంత అని చూపించాడు, అంటే ఒకటే మొత్తం, దాన్ని ముక్కలు చేశాడు, ఒక్క ఎకరం కూడా రెండు ముక్కల్లో ఉండదు. అందుకే క్లాసులో ఎవరికి ఏ పండ్లు ఇష్టం అని అడిగి ఒక్కొక్కరు రెండు మూడు చేతులెత్తితే దానికి పై చార్ట్ కుదరదు, వందకి పైన వస్తుంది, బార్ చార్ట్ గీసుకోవాలి.

బార్ చార్ట్‌లో కూడా ఒక్కటి చూసుకోమనండి, మీ వర్క్‌షీట్‌లో నిలువు గీత 0 నుంచే మొదలైంది కాబట్టి ఈసారి ఇబ్బంది రాలేదు. కొన్ని చోట్ల 30 నుంచి మొదలుపెట్టి కింద చిన్న వంకర గీత పెడతారు, అప్పుడు జూన్ బార్ పొడుగు 10, జూలై బార్ పొడుగు 20 అవుతుంది, చూడ్డానికి జూలై రెండింతలు ఉంటుంది గానీ పెరిగింది మాత్రం అదే పావు వంతు. అలాంటి చార్ట్‌లో బార్ పొడుగు చూసి ఎన్నిరెట్లు అని చెప్పకూడదు, పక్కన అంకె చదివే చెప్పాలి.

ఇప్పుడు పాప చేత కొత్త వర్క్‌షీట్ ఏదీ చేయించకండి, ఇదే వర్క్‌షీట్ ఇంకో కాపీ తీయండి. ఆన్సర్లు రాయొద్దని చెప్పండి, ప్రతి ప్రశ్నకీ తెలుగులో చదివి, కంటే, లో, నుంచి కింద గీత గీసి, భాగహారం గీత కింద ఏం వస్తుందో ఆ అంకె ఒక్కటే రాయమనండి, పక్కన అది దేని అంకో కూడా, "40, జూన్ పుస్తకాలు", "6, నెలలు", "100, రెండు సెక్షన్ల పిల్లలు" అని. ఆ పేరు రాయడం మానేస్తే మళ్ళీ 2 వచ్చి కూర్చుంటుంది, "2, సెక్షన్లు" అని రాసుకుంటే తనకే తేడా తెలుస్తుంది, మార్కులు సెక్షన్లకి రాలేదు కదా అని. కింద అంకెలన్నీ కుదిరాక మర్నాడు పైన అంకెలు వేసి పూర్తి చేయించండి, ఆ కాగితం ఫొటో కూడా పంపండి, చూస్తాను.